అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని ఫోన్‌లో చదివేవాళ్లకు జవాబు ఎలా రాయాలి?

ప్రశ్న: నేను చాట్‌లో, మెయిల్‌లో కస్టమర్లకు జవాబులు రాసే పనిలో ఉన్నాను. చూపు తక్కువగా ఉన్న ఒకాయన ఫోన్‌లో అక్షరాల సైజు చివరిదాకా పెంచుకుని చదువుతారు. "మీరు పంపేది పొడుగైపోతోంది, ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియడం లేదు" అన్నారు. నేను రాసేది నాలుగైదు వాక్యాలే. ఇంకేం తగ్గించాలి?

జవాబు:

వాక్యాల లెక్క వదిలేయండి, స్క్రీన్ల లెక్క చూసుకోండి. ఒక్కో మెసేజ్ ఆయన ఫోన్‌లో ఒక్క స్క్రీన్‌లో ఇమిడిపోవాలి. తెలుగులో అయితే సుమారు 50 నుంచి 60 అక్షరాలు, గుణింతం, వత్తు కలిపి ఒక అక్షరంగా లెక్కేసుకుంటే. అందులో మొదట జవాబు, చివర మీరు అడగాల్సిన ప్రశ్న ఉండాలి. మధ్యలో మర్యాద మాటలు, పట్టికలు, బొమ్మలు వద్దు.

ఈ 60 ఎక్కడిదో చెబుతాను. ఐఫోన్‌లో మామూలు సెట్టింగ్‌లో మెసేజ్ అక్షరం సైజు 17 పాయింట్లు. పెద్ద అక్షరాల సెట్టింగ్‌ని చివరిదాకా జరిపితే 53 అవుతుంది, అంటే మూడు రెట్లకు పైనే. ఇది వెడల్పులోనూ పెరుగుతుంది, ఎత్తులోనూ పెరుగుతుంది. మూడు మూళ్లు తొమ్మిది. మీ ఫోన్‌లో ఒక స్క్రీన్ నిండా ఉన్న జవాబు ఆయన ఫోన్‌లో తొమ్మిది, పది స్క్రీన్లు. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం దాకా పెంచుకోవచ్చు, అక్కడ మీ ఒక స్క్రీన్ దాదాపు నాలుగవుతుంది. మీరు రాసిన "నాలుగైదు వాక్యాలు" ఆయనకు నాలుగైదు పేజీలు అనిపించింది అందుకే.

390 పాయింట్ల వెడల్పున్న ఐఫోన్‌లో మెసేజ్ బుడగకు ఓ 300 పాయింట్లు దక్కుతాయనుకోండి. 53 సైజులో తెలుగు అక్షరం సగటున 40 పాయింట్ల దాకా తింటుంది. అంటే లైనుకు ఏడెనిమిది అక్షరాలు. పైన పేరు పట్టీ, కింద టైపు చేసే గడి పోను మిగిలేది ఎనిమిది లైన్ల చోటు. ఇది ఉజ్జాయింపే. ఫోన్‌ని బట్టి, యాప్‌ని బట్టి మారుతుంది. కొన్ని యాప్‌లు ఫోన్ సెట్టింగ్‌ను కొంతవరకే పాటిస్తాయి. అయినా ఈ లెక్క గుర్తుపెట్టుకుని రాస్తే పెద్దగా తప్పదు.

ఇప్పుడు మనందరం అలవాటుగా రాసే మొదటి మాటలు ఈ గడిలో వేసి చూడండి. "నమస్కారం" ఒక లైను. "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు" మూడు లైన్లు. "మీ అభ్యర్థన మాకు అందింది" రెండు లైన్లు. ఆరు లైన్లు అయిపోయాయి, ఆయన అడిగినదానికి ఒక్క ముక్క జవాబు లేదు. కంటితో ఒక్క చూపులో దాటేసే మాటలను ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, ఇందులో పనికొచ్చేదేమీ లేదని తెలుసుకోవాలి. "నమస్కారం" ఒక్కటి ఉంచండి, చాలు. మిగతా మర్యాద ఆయన సమయం తినకుండా ఉండటంలో చూపించొచ్చు.

చాట్‌లో చివరి లైనే ముందు కనిపిస్తుంది. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. "ముఖ్యమైనది ముందు రాయాలి" అని అందరూ చెప్తారు, నేనూ అలాగే రాసేదాన్ని. కానీ చాట్ తెరిచి కూర్చున్న మనిషికి కొత్త మెసేజ్ వస్తే స్క్రీన్ కిందికి జరుగుతుంది. మెసేజ్ స్క్రీన్ కంటే పొడుగైతే ఆయనకు దాని తోక కనిపిస్తుంది, తల పైకి వెళ్లిపోతుంది. పైకి జరుపుకుంటూ పోయి ఎక్కడ మొదలైందో వెతకాలి. బుడగ అంచు కనిపించదు కాబట్టి అది ఈ మెసేజ్ మొదలో, పాత మెసేజ్ చివరో కూడా తెలియదు. మీ కస్టమర్ చెప్పింది అక్షరాలా ఇదే. దీనికి మందు ఒకటే, తల తోక రెండూ ఒకే స్క్రీన్‌లో ఉండేంత చిన్న మెసేజ్.

ఆయన తిరిగి రాయడానికి గడిని నొక్కగానే కీబోర్డ్ లేచి సగం స్క్రీన్ మింగేస్తుంది. అప్పుడు ఆయనకు కనిపించేవి మీ మెసేజ్‌లోని చివరి మూడు నాలుగు లైన్లు. మీ ప్రశ్న అక్కడ ఉంటే దాన్ని చూస్తూ జవాబు రాస్తారు. పైన ఎక్కడో ఉంటే గుర్తుపెట్టుకుని రాయాలి, లేదా కీబోర్డ్ మూసి మళ్లీ చూసుకోవాలి. అందుకే ప్రశ్న చివర పెట్టమన్నాను. ఒక మెసేజ్‌లో ఒక్క ప్రశ్నే ఉండాలి. రెండు అడిగితే దాదాపు ప్రతిసారీ కింద ఉన్నదానికే జవాబు వస్తుంది. "ఈ కస్టమర్ సగం ప్రశ్నలకు జవాబివ్వరు" అని మా టీమ్‌లో ఒకరిమీద పేరు పడిపోయింది. తీరా చూస్తే పై ప్రశ్న ఆయనకు కనపడనే లేదు.

టైపు చేయడం కూడా ఆయనకు తేలికేం కాదు. చాలా ఫోన్లలో అక్షరాల సైజు పెంచినా కీబోర్డ్ మీటలు అదే నిష్పత్తిలో పెరగవు. చదివే అక్షరం అంత పెద్దది, నొక్కే అక్షరం అంత చిన్నది. కాబట్టి ఒక్క అంకె పంపితే సరిపోయేలా అడగండి. "దయచేసి వివరంగా తెలియజేయగలరు" అని అడిగితే ఆయనకు అది అరగంట పని.

నిజంగా జరిగిన ఒక కేసు, పేర్లూ నంబర్లూ మార్చి చెబుతున్నాను. ఒకావిడ అడిగింది: "నా ఖాతాలో పాత ఫోన్ నంబర్ ఉంది. కొత్తది ఎలా పెట్టాలి?" మా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఇది:

> నమస్కారం. మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు. మీ మొబైల్ నంబర్ మార్చుకోవడానికి పైన కుడివైపు ఉన్న మూడు చుక్కల గుర్తును నొక్కి, సెట్టింగ్స్‌లో ప్రొఫైల్‌ను ఎంచుకుని, మీ పాత నంబర్‌కు వచ్చే ఓటీపీని నమోదు చేసిన తర్వాత కొత్త నంబర్‌ను ఇవ్వాల్సి ఉంటుంది. పాత నంబర్ అందుబాటులో లేని పక్షంలో దిగువ పట్టికలో సూచించిన పత్రాల్లో ఒకదాన్ని జతచేయగలరు. మీ అభ్యర్థన సంఖ్య 482719365504.

ఆవిడ దీన్ని చదివి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఓటీపీ కోసం పాత నంబర్‌కు ఎదురుచూసింది. ఆ సిమ్ ఆర్నెల్ల కిందటే ఆగిపోయింది. "పాత నంబర్ లేకపోతే" అన్న మాట మూడో స్క్రీన్‌లో ఉంది, ఆవిడ అక్కడిదాకా రాలేదు. తప్పు ఆవిడది కాదు. దారి రెండుగా చీలే చోటు ముందుండాలి, మనం దాన్ని చివర పెట్టాం. మామూలు సైజులో చదివేవాళ్లు మొత్తం ఒకేసారి చూస్తారు కాబట్టి ఆ తప్పు దాగిపోతుంది. పెద్ద అక్షరాల్లో బయటపడుతుంది.

తర్వాత దాన్ని ఇలా మార్చాం:

> కొత్త నంబర్ మీరే పెట్టుకోవచ్చు.
>
> ముందు ఒక్కటి చెప్పండి: పాత నంబర్ సిమ్ ఇంకా పనిచేస్తోందా?
>
> అవును అయితే 1, కాదు అయితే 2 పంపండి.

యాభై అక్షరాలు. ఆవిడ 2 అని పంపింది. అంటే సెట్టింగ్స్, ఓటీపీ గొడవ అంతా ఆవిడకు అవసరమే లేదు, చెప్పనక్కర్లేదు. పట్టికలో ఉన్న పత్రాల పేర్లు ఒక్కో లైనులో ఒక్కోటిగా రాసి "వీటిలో మీ దగ్గర ఏది ఉంది?" అని అడిగాం. అక్కడితో సగం పని అయిపోయింది.

1 అని పంపేవాళ్లకు దారి చెప్పేటప్పుడు ఒక్కో అడుగు ఒక్కో మెసేజ్. "Settings తెరవండి. తెరిచాక 3 పంపండి." ఆ 3 వచ్చాకే తర్వాతి అడుగు. అన్ని అడుగులూ టకటకా వరసగా పంపేయకండి. ఆయన మొదటిది చదువుతుండగానే రెండోది వచ్చి దాన్ని పైకి తోసేస్తుంది. చిన్న మెసేజ్‌లు రాయడం నేర్చుకున్న కొత్తలో నేను చేసిన పొరపాటు ఇదే. ఏడు ముక్కలు ఒక్క నిమిషంలో పంపాను. "ఫోన్ దానంతటదే పరుగెడుతోంది" అని ఫోన్ చేసి చెప్పారు ఆ పెద్దాయన.

దారి చెప్పేటప్పుడు "పైన కుడివైపు" అనకండి. అక్షరాలు పెరిగితే తెర అమరిక మారిపోతుంది. పక్కపక్కన ఉన్న రెండు బటన్లు ఒకదాని కింద ఒకటి చేరతాయి. మీకు కుడివైపు కనిపించేది ఆయనకు కిందికి జరిపితే తప్ప కనిపించదు. బటన్ మీద ఉన్న పేరే చెప్పండి, దాని మీద ఏ భాషలో ఉందో ఆ భాషలోనే. ఆ పేరు కూడా చోటు చాలక సగంలో చుక్కలు పెట్టుకుని ఆగిపోతుందని గుర్తుంచుకోండి. "Notifications" అన్నది "Notifi…" అని ఉండొచ్చు. "Notif తో మొదలవుతుంది, కనపడకపోతే కిందికి జరపండి" అంటే వెతికే కంటికి ఆధారం దొరుకుతుంది. "ఆకుపచ్చ బటన్" అని రంగు ఒక్కటే చెప్పినా చాలదు. చాలామంది వెలుగు పడక రంగులు తిరగేసుకునో, నలుపు తెర పెట్టుకునో చదువుతారు.

స్క్రీన్‌షాట్ పంపితే సులువవుతుందని మనకనిపిస్తుంది. ఆయనకు అది అన్నిటికంటే కష్టం. ఫోన్‌లో అక్షరాల సైజు సెట్టింగ్ బొమ్మలోని అక్షరాలకు వర్తించదు. వేళ్లతో సాగదీసి పెద్దది చేసుకోవాలి, చేసుకుంటే లైను స్క్రీన్ దాటిపోతుంది, ప్రతి లైనుకూ కుడికీ ఎడమకీ లాగాలి. లాగి వెనక్కి వచ్చేసరికి ఏ లైనులో ఉన్నామో పోతుంది. పైగా నలుపు తెర పెట్టుకున్నవాళ్లకు తెల్లటి బొమ్మ ఒక్కసారిగా కళ్లలో లైటు కొట్టినట్టు ఉంటుంది. పీడీఎఫ్ కథా ఇంతే. అందులో లైను ఎక్కడ తెగాలో ముందే గీసేసి ఉంటుంది, అక్షరం పెరిగినా లైను తిరిగి సర్దుకోదు. పట్టిక కూడా చాట్‌లోకి వచ్చేసరికి గళ్లు చెదిరి, ఏ అంకె ఏ పేరుదో తెలియకుండా పోతుంది. పట్టికలో ఉన్న మూడు వరసలను మూడు చిన్న వాక్యాలు చేయండి. పది వరసలుంటే? ఆయనకు కావాల్సిన వరస ఏదో అడిగి అదొక్కటే పంపండి.

ఇక అంకెలు. నేను ఎక్కువ దెబ్బతిన్నది ఇక్కడే. పైన పాత జవాబులో ఉన్న 12 అంకెల సంఖ్య చూడండి. లైనుకు తెలుగు అక్షరాలు ఏడెనిమిది పడితే అంకెలు సన్నగా ఉంటాయి కాబట్టి పది దాకా పడతాయి. 12 అంకెల్లో పది ఒక లైనులో, రెండు తర్వాతి లైనులో పడ్డాయి. ఒకాయన ఆ పదీ చూసి అదే మొత్తం అనుకున్నారు. పది అంకెలంటే ఫోన్ నంబర్‌లా నిండుగా కనిపిస్తుంది కదా, అనుమానం ఎందుకొస్తుంది? రెండు రోజులు "సంఖ్య తప్పు" అనే జవాబే వచ్చింది ఆయనకు. అప్పటినుంచి ఇలా రాస్తున్నాను:

> మీ సంఖ్యలో మొత్తం 12 అంకెలు:
>
> 4827 1936 5504

నాలుగేసి విడదీస్తే లైను తెగినా ఖాళీ దగ్గరే తెగుతుంది. ఎన్ని అంకెలో ముందే చెప్పాం కాబట్టి ఆయన లెక్కపెట్టుకోగలరు. అయితే ఆ సంఖ్యను వేరే చోట అతికించాల్సి ఉంటే ఖాళీలు కొన్ని ఫారాలు ఒప్పుకోవు. అప్పుడు ఖాళీల్లేకుండా, పక్కన ఇంకే మాటా లేకుండా, ఆ సంఖ్య ఒక్కటే ఒక మెసేజ్‌గా పంపండి. నొక్కి పట్టుకుంటే అది మాత్రమే కాపీ అవుతుంది. చదవడానికొకటి, కాపీకొకటి, రెండూ పంపడంలో తప్పు లేదు. లింకుదీ ఇదే పద్ధతి, చివర, విడిగా. వాక్యం మధ్యలో పెడితే ఐదారు లైన్ల చెత్తలా కనిపిస్తుంది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. మన మాటలు అతుక్కుంటాయి. "నమోదుచేసుకోవాల్సివస్తుంది" లాంటిది ఏడెనిమిది అక్షరాల లైనులో పట్టదు, నడిమధ్య తెగుతుంది. తెగిన చోట హైఫన్ కూడా రాదు, "నమోదుచేసుకో" ఒక మాట అనిపిస్తుంది. మాటలు విడదీసి రాయండి, ఇంకా నయం, చిన్న క్రియ వాడండి: "నమోదు చేయాలి". ఆఫీసు తెలుగులో ఉండే "అందుబాటులో లేనిపక్షంలో", "తెలియజేయవలసిందిగా" లాంటివన్నీ ఈ దెబ్బకు రాలిపోతాయి. నాకైతే అది లాభమే అనిపించింది. వత్తుల సంగతి కూడా చూసుకోవాలి. మెయిల్ పంపే డిజైన్‌లో గడి ఎత్తు బిగించి ఉంటే అక్షరం పెరిగినప్పుడు ముందు తెగేది కింద ఉన్న వత్తే. "పద్దు" కాస్తా "పదు" అవుతుంది. మీ మెయిల్ డిజైన్ చేసేవాళ్లకు ఈ ముక్క చూపించండి:

```css
.reply {
  width: auto;      /* 600px కాదు */
  height: auto;     /* ఎత్తు బిగించొద్దు */
  line-height: 1.6; /* వత్తులకు చోటు */
}
```

బోల్డ్ గురించి. ఒక మెసేజ్‌లో ఒక్క మాటకు, అదీ వాళ్లు నొక్కాల్సిన బటన్ పేరుకు వాడండి. వాక్యమంతా బోల్డ్ చేస్తే తెలుగు అక్షరాల్లో సున్నలు, చుట్లు మూసుకుపోయి "ప"కీ "వ"కీ తేడా ఇంకా తగ్గుతుంది. అందంగా కనిపించే ప్రత్యేక అక్షరాలు, వరసగా ఎమోజీలు వద్దే వద్దు. కళ్లు అలిసిపోయినప్పుడు చాలామంది ఫోన్‌తో చదివించుకుంటారు, అది ఒక్కో ఎమోజీ పేరూ చదువుతూ కూర్చుంటుంది.

ఇదంతా అందరికీ వర్తిస్తుందనుకోకండి. చూపు తక్కువ అంటే ఒకే రకం కాదు. మధ్యచూపు దెబ్బతిని అక్షరం మసకబారేవాళ్లకు పెద్ద అక్షరం సాయం చేస్తుంది. గ్లకోమా, రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి కంటి జబ్బుల్లో పక్కచూపు పోయి గొట్టంలోంచి చూసినట్టు ఉంటే పెద్ద అక్షరాలు ఇంకా ఇబ్బందే, ఒకేసారి రెండక్షరాలే కనిపిస్తాయి. వాళ్లలో కొందరు చిన్న అక్షరాలే కావాలంటారు. కొందరు "రాయకండి, వాయిస్ మెసేజ్ పెట్టండి" అంటారు. పెట్టండి, కానీ అంకెలు మాత్రం రాతలోనే పంపండి. విన్నదాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి పన్నెండు అంకెలు పట్టుకోవడం ఎవరివల్లా కాదు. అలాగే "3 పంపండి, తర్వాత చెబుతాను" పద్ధతిని మామూలు కస్టమర్లందరి మీదా రుద్దితే వాళ్లకు చిరాకు. వాళ్లకు జవాబు ముందు, చీలిక ముందు అనే వరస మాత్రం ఉంచి, అడుగులన్నీ ఒకేసారి ఇచ్చేయొచ్చు.

మీరు రాసింది ఎలా ఉంటుందో చూసుకోవడానికి మీ ఫోన్ చాలు. ఐఫోన్‌లో Settings, Accessibility, Display & Text Size, Larger Text. అక్కడ Larger Accessibility Sizes ఆన్ చేస్తేనే కింది గీత చివరిదాకా వెళ్తుంది. చాలామంది అది ఆన్ చేయకుండా "నేను పెద్ద సైజులో చూశాను, బాగానే ఉంది" అంటారు. ఆండ్రాయిడ్‌లో Settings, Accessibility కింద అక్షరాల సైజు, తెర సైజు అని రెండు వేర్వేరుగా ఉంటాయి, కంపెనీని బట్టి పేరు కొంచెం మారుతుంది. రెండూ పెంచి చూడండి, ఎందుకంటే వాళ్లూ రెండూ పెంచుకుంటారు. మీ జవాబు మీకే పంపుకుని, కీబోర్డ్ లేపి, కనిపించే నాలుగు లైన్లలో ప్రశ్న ఉందో లేదో చూడండి.

మీ కస్టమర్ ఒప్పుకుంటే ఇంకా తేలికైన దారి ఉంది. మీ మెసేజ్ కనిపిస్తున్న తెరను స్క్రీన్‌షాట్ తీసి పంపమనండి. ఆయనకు ఎలా కనిపిస్తోందో అలాగే వస్తుంది కాబట్టి లైనుకు ఎన్ని అక్షరాలు పడుతున్నాయో, స్క్రీన్‌కు ఎన్ని లైన్లో లెక్కపెట్టుకోవచ్చు. నేను చెప్పిన 60 బదులు ఆ సంఖ్యనే ఆయన ఖాతా పక్కన రాసిపెట్టుకోండి, రేపు మీ షిఫ్టులో ఇంకొకరు కూర్చున్నా పనికొస్తుంది.